యాక్సిడెంట్ దాచి కారు అమ్మిన డీలర్‌కు లేఖ ఎలా రాయాలి?

డీలర్‌తో విషయం తేలేదాకా దెబ్బతిన్న చోట రిపేరు చేయించకండి. పాత వెల్డింగ్ మీద కొత్త రంగు పడితే మీ సాక్ష్యం దాని కిందే కప్పుకుపోతుంది.

ముందు డీలర్‌తో సంబంధం లేని మెకానిక్‌కు కారు చూపించి, సంతకం, తేదీ ఉన్న రిపోర్టు తీసుకోండి. ‘యాక్సిడెంట్ అయినట్టుంది’ అన్న ఒక్క ముక్క చాలదు. రంగు మందం కొలిచే మీటరుతో ఒక్కో ప్యానెల్‌నూ కొలిపించండి. కంపెనీ రంగు సాధారణంగా 80 నుంచి 180 మైక్రాన్ల మధ్య ఉంటుంది. మిగతా ప్యానెళ్లు 120 చూపిస్తూ కుడి ఫెండర్ మాత్రం 600 చూపిస్తే, దాని కింద పుట్టీ ఉందని అనుమానించాలి. కానీ చిన్న సొట్టకైనా పుట్టీ పెడతారు, కాబట్టి ఈ అంకె ఒక్కటే పట్టుకుని వాదిస్తే నిలబడదు. బానెట్ ఎత్తి, చక్రం పైనుండే ఆప్రాన్ చూడండి. ఎడమ పక్క ఫ్యాక్టరీ స్పాట్ వెల్డింగ్ చుక్కలు వరసగా ఉండి, కుడి పక్క గరుకైన వెల్డింగ్ గీత కనిపిస్తే అది గట్టి ఆధారం. రెండు పక్కలా ఒకే కోణంలో ఫొటోలు తీయండి.

తర్వాత, ఎంత తగ్గించమని అడగాలో తేల్చుకోండి. అదే మోడల్, అదే ఏడాది, అన్నే కిలోమీటర్లు తిరిగి, ఇలాంటి యాక్సిడెంట్ అయిన కారుకు ఎంత వస్తుందో ఇద్దరు వేరే డీలర్ల దగ్గర రాయించుకోండి. మీరు ఇచ్చిన ధరలో ఒకరు 82 శాతం, మరొకరు 78 శాతం అంటే సగటు 80. అంటే 20 శాతం, దానిపై తనిఖీ ఖర్చు అడగవచ్చు. రిపేరు ఖర్చును మళ్లీ కలపకండి, అది ఆ తేడాలోనే ఉంటుంది.

లేఖ ఇలా ఉండొచ్చు:

‘ఫలానా తేదీన మీ దగ్గర ఈ నంబరు, ఈ ఛాసిస్ నంబరు గల కారు కొన్నాను. మీ ప్రకటనలో “యాక్సిడెంట్ కాలేదు” అని ఉంది. ఆ మాట నమ్మే ఈ ధర ఇచ్చాను. తనిఖీలో కుడి ఆప్రాన్ కోసి మళ్లీ వెల్డింగ్ చేసినట్టు తేలింది. రిపోర్టు, ఫొటోలు, ప్రకటన కాపీ జతచేశాను. కారు వెనక్కి తీసుకుని పూర్తి ధర ఇవ్వండి, లేదా 20 శాతం, తనిఖీ ఖర్చు చెల్లించండి. ఈ లేఖ అందిన 14 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. ఈలోగా మీ మనిషి వచ్చి కారు చూసుకోవచ్చు.’

‘మీకు తెలిసే దాచారు’ అని రాయాలనిపిస్తుంది, రాయకండి. వాళ్ల మనసులో ఏముందో నిరూపించడం కష్టం. చెప్పిన మాటా కారు స్థితీ వేరని చూపడం తేలిక. ప్రకటన తీసేయకముందే స్క్రీన్‌షాట్ దాచుకోండి.

లేఖను అందినట్టు రసీదు వచ్చే పోస్టులో పంపి, కాపీ ఈమెయిల్ చేయండి. డీలర్ ఫోన్ చేసి ఏదైనా ఒప్పుకుంటే, అదే రోజు ఆ మాటలు రాసి ఈమెయిల్‌లో పంపండి. కొంత డబ్బిచ్చి ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అన్న కాగితం మీద సంతకం అడిగితే, మొత్తం చేతికి అందేదాకా పెట్టకండి.