ప్రశ్నావళికి కారక విశ్లేషణ: కారకాలు లెక్కించే ముందు, పేరు పెట్టే ముందు

జవాబులన్నీ చేతికొచ్చాక వెంటనే సాఫ్ట్‌వేర్ తెరవాలనిపిస్తుంది. వాక్యాల వెనక దాగిన గుణాలను, అంటే కారకాలను, వెతికే అన్వేషణాత్మక కారక విశ్లేషణలో పెద్ద పొరపాట్లు అక్కడే మొదలవుతాయి. SPSSలో సెట్టింగులు మార్చకుండా నడిపితే అది ప్రధాన భాగాల విశ్లేషణ చేస్తుంది, ఐగెన్ విలువ, అంటే ఒక కారకం వివరించే వ్యత్యాసం మోతాదు, 1 దాటిన ప్రతిదాన్నీ ఉంచుతుంది, భ్రమణం చేయదు. ఈ మూడూ మీరు తీసుకోవలసిన నిర్ణయాలు.

ఒక ఉదాహరణ కల్పించుకుందాం. పరీక్షలంటే కలిగే ఆందోళన మీద 12 వాక్యాలు, ఐదు మెట్ల జవాబులు, 240 మంది విద్యార్థులు. ఎనిమిది వాక్యాలు ఆందోళన వైపు ఉన్నాయి: 'ప్రశ్నపత్రం చూడగానే గుండె దడదడలాడుతుంది' వంటివి. నాలుగు ఎదురు దిశలో ఉన్నాయి: 'పరీక్ష గదిలో ప్రశాంతంగా ఉంటాను' వంటివి. మొదటి నాలుగు ఐగెన్ విలువలు 3.90, 1.86, 1.14, 1.05 అనుకుందాం. 1 దాటినవాటినల్లా ఉంచే కైజర్ నియమం ప్రకారం నాలుగు కారకాలు.

ఆ నాలుగును నమ్మకండి. ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేని 12 చరరాశులను 240 మందికి యాదృచ్ఛికంగా సృష్టించినా, శాంపిల్ ఒడిదొడుకుల వల్లే మొదటి కొన్ని విలువలు 1 దాటుతాయి. హార్న్ 1965లో ప్రతిపాదించిన సమాంతర విశ్లేషణ పట్టుకునేది దీన్నే. అదే పరిమాణంలో యాదృచ్ఛిక డేటాను వందల సార్లు తయారుచేసి, దాని విలువలను మించినవాటినే ఉంచమంటుంది.

```r
library(psych)
fa.parallel(d, fa = "pc", n.iter = 500, quant = .95)
```

మన ఉదాహరణలో యాదృచ్ఛిక విలువలు దాదాపు 1.47, 1.34, 1.25 దగ్గర ఉంటాయి. మూడో విలువ 1.14 వాటి కిందే ఉండిపోయింది. అంటే మిగిలేవి రెండే. అయినా మూడు, నాలుగు కారకాల ఫలితాలను కూడా తీసి చూడండి. అవి ఎందుకు పనికిరావో కళ్లకు కనబడుతుంది. మూడో కారకం మీద 'పరీక్ష ముందు రాత్రి నిద్ర పట్టదు', 'పరీక్షలు దగ్గరపడితే నిద్ర సరిగా ఉండదు' అనే రెండు వాక్యాలే నిలుస్తాయి. ఒకే ప్రశ్నను రెండుసార్లు అడిగారు, అంతే. నాలుగో దాని మీద 0.40 దాటిన లోడింగ్, అంటే వాక్యానికీ కారకానికీ ఉన్న సంబంధ బలం, ఒక్కటీ ఉండదు.

అసలు ప్రమాదం రెండో కారకంలో ఉంది. సమాంతర విశ్లేషణ దాన్ని నిజమని ఒప్పుకుంది. దాని మీద పడినవి సరిగ్గా ఆ నాలుగు ఎదురు దిశ వాక్యాలే. వెంటనే 'ఆత్మవిశ్వాసం' అని పేరు పెట్టాలనిపిస్తుంది, పెట్టినవాళ్లను చూశాను కూడా. ఆగండి. 'ప్రశాంతంగా ఉంటాను' అన్నది 'గుండె దడదడలాడుతుంది' అన్నదానికి ఎదురే తప్ప వేరే గుణం కాదు. ఆ కారకం వాక్యం రాసిన తీరు వల్ల పుట్టి ఉండవచ్చు. ఎదురు వాక్యాల స్కోరును 6 లోంచి తీసేసి తిప్పాం కదా, ఇక సమస్య లేదనుకోకండి. తిప్పితే లోడింగ్‌ల గుర్తు మారుతుంది, ఐగెన్ విలువలు ఏమాత్రం మారవు.

తేల్చుకోవడానికి ముడి జవాబుల దగ్గరికి వెళ్లాలి. గుండె దడకూ, ప్రశాంతతకూ, రెంటికీ 'పూర్తిగా అంగీకరిస్తాను' అన్నవాళ్లు ఎందరు? పన్నెండింటికీ ఒకే అంకె వేసినవాళ్లు ఎందరు? పదిమందిలో ఒక్కరు చదవకుండా జవాబిచ్చినా ఇలాంటి కారకం పుట్టగలదు. మన ఉదాహరణలో అలాంటివారు 23 మంది అనుకుందాం. వారిని పక్కనపెట్టి మళ్లీ నడిపితే రెండో విలువ 1.22కి పడి, యాదృచ్ఛిక హద్దు కిందకు వెళ్లింది. అప్పుడు ఉంచవలసింది ఒక్క కారకమే. ఎందరిని, ఏ కారణంతో తీసేశారో నివేదికలో రాయండి.

ఒకవేళ పడకపోతే? అప్పుడు `fa()`లో `nfactors = 2, rotate = "oblimin"` పెట్టి, అంటే కారకాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండనిచ్చే భ్రమణంతో, వాటి మధ్య సహసంబంధాన్ని చూడండి. వారిమాక్స్ భ్రమణం కారకాలు స్వతంత్రమని ముందే ఒప్పేసుకుంటుంది కాబట్టి ఆ సంగతి చెప్పదు. తర్వాత రెండు కారకాలనూ బయటి కొలతతో, మార్కులతో గాని చదివే గంటలతో గాని పోల్చండి. రెండింటికీ బయటి సంబంధాలు ఒకేలా ఉంటే రెండో దానికి వేరే పేరు పెట్టడానికి మీ దగ్గర ఆధారం లేదు.

ఇక మిగిలిన కారకం పేరు. పరీక్ష ఆందోళనలో దిగులు, ఉద్వేగం అనే రెండు పాళ్లను లీబర్ట్, మోరిస్ 1967లో వేరుచేశారు. మన 12 వాక్యాలలో గుండె, నిద్ర, చెమట, ప్రశాంతత ఉన్నాయి. 'తప్పుతానేమో' అన్న ఆలోచన గురించి ఒక్కటీ లేదు. కాబట్టి 'పరీక్ష ఆందోళన' అనే పేరు ఈ కారకానికి పెద్దదవుతుంది. 'పరీక్ష వేళ ఉద్వేగం' అనండి. పేరు ఖాయం చేసే ముందు, అధ్యయనంతో సంబంధం లేని ఇద్దరికి ఆ పేరూ, మీ వాక్యాలతో కలిపి మరో పది వాక్యాలూ ఇచ్చి, ఏవి దాని కిందకు వస్తాయో గీయమనండి. మీ వాక్యాలు కానివి కూడా వాళ్లు గీస్తే పేరు ఇంకా వెడల్పుగానే ఉంది.