గది ఫొటోలో సోఫాను తీసేశాక స్కర్టింగ్, టైల్స్ గీతలను తిరిగి కట్టడం ఎలా?

అద్దెకిచ్చే ఇంటి హాలును ఖాళీగా చూపించాలని ఫొటోలోంచి సోఫాను చెరిపినప్పుడు గోడ రంగు సులభంగానే కలిసిపోతుంది గానీ, స్కర్టింగ్ వంకరపోయినా, టైల్స్ సందులు మధ్యలో తెగిపోయినా వెంటనే కంటపడతాయి. అందుకే ముందు గీతలు కట్టి, ఆ తర్వాతే ఖాళీని నింపాలి. చదరపు టైల్స్ పరిచిన హాలులో గోడకు ఆనించిన సోఫాను ఫొటోషాప్‌లో తీసేసే పనిని ఉదాహరణగా తీసుకుందాం.

మొదట Filter > Lens Correction తెరిచి లెన్సు తెచ్చిన వంపును సరిచేయాలి. ఫోన్ వైడ్ కెమెరాతో తీసిన ఫొటోలో గోడ మొదలు విల్లులా వంగి ఉంటే, దాని మీద తిన్నని గీత ఎక్కడా పూర్తిగా ఆనదు.

తర్వాత కొత్త లేయర్ మీద, సోఫాకు రెండు వైపులా కనిపిస్తున్న స్కర్టింగ్ పై అంచులను ఒకే గీతతో కలిపి, కింది అంచుకు మరో గీత గీయాలి. గోడను ఏటవాలుగా తీసిన ఫొటోలో ఈ రెండు గీతలు దూరం వెళ్లేకొద్దీ దగ్గరవుతాయి. కాబట్టి స్కర్టింగ్ ముక్కను కాపీ చేసి పక్కకు జరిపితే సరిపోదు. Edit > Transform > Distort తో దాని నాలుగు మూలలను గీతల మీద కూర్చోబెట్టాలి. గోడ కంటే కాస్త ముందుకు పొడుచుకొచ్చే స్కర్టింగ్ పై అంచున సన్నని వెలుగు గీత ఉంటుంది. దాన్ని మరిచిపోతే స్కర్టింగ్ గోడకు వేసిన రంగు పట్టీలా కనిపిస్తుంది.

అసలు శ్రమ నేల దగ్గరే. మరో ఖాళీ లేయర్ ఎంచుకుని Filter > Vanishing Point తెరిచి, నాలుగు సందు కూడళ్ల మీద నొక్కి తలం గీయాలి. ఒక్క టైలు చుట్టూ గీస్తే, మూలలో జరిగిన చిన్న పొరపాటు గోడ దాకా వెళ్లేసరికి పెద్దదవుతుంది. మూడు టైల్స్ పొడవూ వెడల్పూ తీసుకోవడం మేలు. గడులు నీలంగా ఉంటే తలం కుదిరినట్టు, ఎరుపో పసుపో అయితే మూలలను సవరించాలి. ఇప్పుడు తలం అంచులను లాగి సోఫా ఉన్న నేలంతటికీ సాగదీసి, Marquee తో శుభ్రమైన టైల్స్‌ను ఎంచుకుని, Alt నొక్కి సోఫా ఉన్న చోటికి లాగితే దూరానికి తగినట్టు అవే చిన్నవవుతాయి. ఎంచుకునే టైల్స్ కెమెరాకు దగ్గరవై ఉండాలి, ఎందుకంటే దూరపు టైలును ముందుకు తెస్తే మసకబారుతుంది. ఒకే మరక, ఒకే చార రెండు చోట్ల కనిపించకుండా వేర్వేరు టైల్స్ వాడాలి.

నునుపు టైల్స్‌లో సోఫా నీడతో పాటు దాని ప్రతిబింబం కూడా ముందుకు సాగి ఉంటుంది, దాన్నీ కప్పాలి. కిటికీ దగ్గర నుంచి తెచ్చిన టైల్స్ గోడ మూలలో మరీ తెల్లగా వెలుగుతుంటే, Curves లేయర్‌కు గ్రేడియెంట్ మాస్క్ వేసి గోడ వైపు క్రమంగా తగ్గించాలి.

చివరగా ఫొటోను అద్దంలోలా ఎడమ కుడిగా తిప్పి చూడాలి. అలవాటుపడిన కన్ను దాటేసిన విరుపు అప్పుడు బయటపడుతుంది. అనుమానం ఉన్న సందు మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక సన్నని గీత పెట్టి, తప్పిన టైలును మాత్రమే జరపాలి.