నికెల్ పచ్చ ద్రావణం స్పెక్ట్రమ్: పీకు కనపడకపోతే, రెండుగా చీలితే ఏం చేయాలి

అమలాపురంలో డిగ్రీ పిల్లలకి ఇనార్గానిక్ ల్యాబ్ చెప్తానండి. ప్రతి ఏడూ [Ni(H2O)6]2+ దగ్గరే ఆగిపోతారు, అందుకే ఏ చిక్కుకి ఏది కారణమో రాస్తున్నా.

సమస్య: ద్రావణం కంటికి పచ్చగానే ఉంది, మెషిన్‌లో గీత మాత్రం నేల మీద పాకుతోంది.

మొన్న ఒక అమ్మాయి 0.01 మోలార్ చేసుకొచ్చి లాంప్ పోయిందేమో సార్ అంది. లాంప్ బానే ఉంది. ఈ అయాన్‌కి 395 నానోమీటర్ల దగ్గర మోలార్ అబ్జార్ప్టివిటీ సుమారు 5, ఎరుపు వైపు 720 దగ్గర 2 మాత్రమే, అంటే ఒక సెంటీమీటర్ సెల్‌లో ఆమెకి వచ్చేది 0.05, 0.02. ఇక కనపడేదేముంది? 0.1 మోలార్ చేస్తే 0.5, 0.2 వస్తాయి, హాయిగా చదవొచ్చు. కలిపేముందు నికెల్ సల్ఫేట్ సీసా మీద హెక్సా హైడ్రేటా హెప్టానా చూసుకోండి, బరువులో దాదాపు 7 శాతం తేడా. వరదలప్పుడు గోదారి నీళ్ళలా కాస్త మడ్డి ఉన్నా సరే నీలం వైపు బేస్‌లైన్ లేచిపోతుంది, ఫిల్టర్ చేయండి.

ఇంత బలహీనం ఎందుకంటే, ఆక్టాహెడ్రన్‌కి సరిగ్గా మధ్యలో సిమెట్రీ సెంటర్ ఉంటుంది, అలాంటి చోట d నుంచి d కి దూకడం లాపోర్ట్ రూల్ ఒప్పుకోదు. కానీ నీటి అణువులు నికెల్ చుట్టూ కదలకుండా కూర్చోవు, ఊగుతుంటాయి, కొన్ని ఊగుళ్ళలో ఆ సెంటర్ కాసేపు చెదిరిపోతుంది, ఆ సందులోంచే ఈ కొంచెం అబ్జార్ప్షన్ వస్తుంది. నమ్మకం కలగాలంటే గులాబీ రంగు కోబాల్ట్ ద్రావణంలో గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోసి చూడండి, నీలంగా మారుతుంది. టెట్రాహెడ్రల్ [CoCl4]2- కి సెంటరే లేదు, అక్కడ అబ్జార్ప్టివిటీ వందల్లోకి వెళ్తుంది.

సమస్య: రెండు పీకులే వచ్చాయి, పుస్తకంలో మూడున్నాయి.

మొదటిది 1175 నానోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, మన మెషిన్ 1100 దగ్గరే ఆగిపోతుంది, మీ తప్పేం లేదు. కాకపోతే నీటి అణువుల వల్ల d స్థాయిలు చీలే ఎత్తు, అంటే Δ, ఆ మొదటి బ్యాండే కదా, అది లేకుండా Δ ఎలా అంటే, Δ పెరిగేకొద్దీ శక్తి స్థాయిలు ఎంత ఎత్తుకి పోతాయో గీసిన తనాబె-సుగానో డయాగ్రమ్ పనికొచ్చేది ఇక్కడే. 725 నానోమీటర్లు అంటే 13,800 cm⁻¹, 395 అంటే 25,300 cm⁻¹. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 1.83. d8 డయాగ్రమ్ మీద స్కేలు నిలువుగా పెట్టి, కింద 3A2g నుంచి పైనున్న రెండు 3T1g గీతల ఎత్తులు కొలుస్తూ పక్కకి జరపండి. డయాగ్రమ్‌లో ఎత్తులన్నీ B లెక్కలో ఉంటాయి, B అంటే d ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణ కొలత. Δ/B 9 దగ్గర ఎత్తులు 15, 27, అంటే నిష్పత్తి 1.80. 8 దగ్గర 1.89. మనకి కావలసిన 1.83 సుమారు 8.6 దగ్గర దొరుకుతుంది, అక్కడ పై గీత ఎత్తు 26.4. 25,300 ని 26.4 తో భాగిస్తే B సుమారు 958, దాన్ని 8.6 తో గుణిస్తే Δ దాదాపు 8,240.

సమస్య: నియర్ ఇన్‌ఫ్రారెడ్ మెషిన్‌లో కొలిచిన Δ 8,500 వచ్చింది, డయాగ్రమ్ 8,240 అంటోంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన చిక్కు ఇదేనండి, తప్పు లెక్కలో కాదు, మధ్య పీకులో ఉంది. దాన్ని జాగ్రత్తగా చూడండి, ఒక మూపురం కాదు రెండు ఉంటాయి, 720 దగ్గరొకటి, 650 దగ్గర ఇంకోటి. నాలుగో స్పిన్ అలౌడ్ బ్యాండ్ లేదు, మరి ఇదెక్కడిది? డయాగ్రమ్‌లో దాదాపు అడ్డంగా పోయే 1Eg గీత ఉంది చూడండి, నీటి కాంప్లెక్స్ ఉన్నచోట అది 3T1g గీతకి బాగా దగ్గరగా వస్తుంది. దానికి స్పిన్ మారాలి కాబట్టి ఒంటరిగా ఉంటే కనపడేదే కాదు, కానీ స్పిన్-ఆర్బిట్ కప్లింగ్ వల్ల రెండూ కలిసిపోయి, బలమున్న పొరుగుదాని నుంచి ఇది కొంత ఇంటెన్సిటీ అప్పు తెచ్చుకుంటుంది. అందుకే ఎత్తైన మూపురం కొసని 3T1g అసలు చోటు అనుకోకూడదు. రెండు మూపురాల మధ్యన 14,500 తీసుకుని మళ్ళీ లెక్కేస్తే నిష్పత్తి 1.745, Δ/B సుమారు 9.8, Δ దాదాపు 8,780. కొలిచిన 8,500 ఈ రెంటి మధ్యలో పడింది. కాబట్టి మొదటి బ్యాండ్ లేనప్పుడు Δ ని ఒక్క అంకెగా రాయకండి, 8,240 నుంచి 8,780 అని రికార్డులో వేసి కారణం రాయండి.

సమస్య: మాంగనీస్ సల్ఫేట్ 0.1 మోలార్‌లో అసలేమీ లేదు.

d5 లో గ్రౌండ్ స్టేట్ సెక్స్‌టెట్, పైన ఇంకో సెక్స్‌టెట్ లేనే లేదు, ప్రతి బ్యాండూ లాపోర్ట్ రూల్, స్పిన్ మారకూడదనే రూల్ రెండూ తప్పాలి. అబ్జార్ప్టివిటీ సుమారు 0.03, నికెల్ కంటే వంద రెట్లకి పైగా తక్కువ. ఒక మోలార్ చేసి 5 సెంటీమీటర్ల సెల్‌లో పెడితే 401 నానోమీటర్ల దగ్గర 0.15 కి సన్నటి పీకు లేస్తుంది, సన్నగా ఎందుకంటే డయాగ్రమ్‌లో ఆ గీత అడ్డంగానే ఉంటుంది, ఊగుళ్ళకి Δ మారినా దాని ఎత్తు మారదు. ఆ పీకు ఒక ఏటవాలు మీద ఎక్కి కూర్చుంటే ఉప్పులో ఐరన్ కలిసిందేమో అనుమానించండి. ఫెర్రిక్ ఛార్జ్ ట్రాన్స్‌ఫర్ అబ్జార్ప్టివిటీ వేలల్లో ఉంటుంది, దాని తోక చాలు మాంగనీస్‌ని ముంచేయడానికి, వేరే శుద్ధమైన సీసా తెరవండి.