సీజన్‌లో గల్లా నిండినా అన్‌సీజన్‌లో చేతిలో డబ్బు లేకపోతే: సరుకు, సిబ్బంది, పొదుపు లెక్కల్లో దోషాలు, వాటి సవరణ

ఏడాది గిరాకీలో సింహభాగం రెండు నెలల్లోనే వచ్చే చిన్న వ్యాపారాల్లో ఎదురయ్యే మూడు సమస్యలను ఇక్కడ వరుసగా పరిశీలిద్దాం. ఉదాహరణగా బడులు తెరిచే ముందు ఎనిమిది వారాలు జోరుగా అమ్మి, మిగతా పది నెలలు నెమ్మదిగా నడిచే బడిసంచుల దుకాణాన్ని తీసుకుందాం. డబ్బు లెక్కను రూపాయల్లో కాక పాళ్లలో చెబుతున్నాను. మీ అంకెలు వేసుకోవడానికి అదే సులువు.

లక్షణం 1: సీజన్ బాగా జరిగింది. అయినా నాలుగైదు నెలలు తిరిగేసరికి అద్దెకు, జీతాలకు వెతుక్కోవలసి వస్తోంది. వచ్చే సీజన్ సరుకుకు అడ్వాన్స్ కట్టాలంటే అప్పు తప్పడం లేదు.

కారణం: సీజన్ చివర గల్లాలో మిగిలినదంతా లాభమని అనుకోవడం. ఈ దుకాణానికి అద్దె, శాశ్వత సిబ్బంది జీతాలు, వాయిదాలు, యజమాని ఇంటి ఖర్చు కలిపి నెలకు 10 పాళ్లు అవుతాయనుకుందాం. సీజన్ కోసం 60 పాళ్ల సరుకు తెప్పించి, సగం సొమ్ము రెండు నెలల ముందే అడ్వాన్స్‌గా కట్టారు. ఆ సరుకు 150 పాళ్లకు అమ్ముడైంది. అందులో సరుకు బాకీ 30, రెండు నెలల ఖర్చు 20, తాత్కాలిక సిబ్బందికి 6 పోగా చేతిలో 94 మిగులుతాయి. కొత్త ఫర్నిచర్ చేయించుకోవాలని, దుకాణం పెంచాలని అనిపించేది సరిగ్గా ఈ రోజునే.

ఇప్పుడు మిగతా పది నెలల సంగతి చూడండి. అన్‌సీజన్‌లో అమ్మకాల మీద, సరుకు ఖరీదు పోను, నెలకు 5 పాళ్లే వస్తాయి. ఖర్చు మాత్రం 10. అంటే నెలకు 5 చొప్పున పది నెలలకు 50 పాళ్ల లోటు ఉంటుంది. దానికి వచ్చే సీజన్ అడ్వాన్స్ 30 కలిపితే 80 అవుతుంది. కాబట్టి చేతిలో ఉన్న 94లో యజమాని నిశ్చింతగా తీసుకోగలిగినది 14 పాళ్లు మాత్రమే, అదీ పన్నులు కట్టాక. తక్కిన 80 అప్పటికే ఖర్చు రాసిపెట్టి ఉన్న డబ్బు.

పరిష్కారం: సీజన్ ముగిసిన వారంలోనే ఆ 80 పాళ్లను రోజువారీ ఖాతా నుంచి తీసి రెండు వేరు ఖాతాల్లో వేయాలి. అడ్వాన్స్‌కు కేటాయించిన 30 ఉన్న ఖాతాను ఎనిమిదో నెల దాకా ముట్టుకోకూడదు. 50 ఉన్న రెండో ఖాతా నుంచి నెలకు 5 మాత్రమే, జీతం తీసుకున్నట్టు, తీసుకోవాలి. ఇలా చేస్తే దారి తప్పినప్పుడు ముందే తెలుస్తుంది: నాలుగు నెలల తర్వాత రెండు ఖాతాల్లో కలిపి 60 ఉండాలి, 52 మాత్రమే ఉంటే ఖర్చు 10 దాటుతోందో, రాబడి 5 కంటే తగ్గిందో ఆ నెలలోనే తేల్చుకోవచ్చు. ఓవర్‌డ్రాఫ్ట్ అవసరమవుతుందనిపిస్తే దానికి దరఖాస్తు చేయవలసిన సమయం కూడా సీజన్ ముగిసిన వెంటనే, ఖాతా నిండుగా కనిపిస్తున్నప్పుడే.

ఈ లెక్కంతా తెప్పించిన సరుకు అమ్ముడైపోతేనే నిలుస్తుంది. మరో 14 పాళ్ల సరుకు ఎక్కువ తెప్పించి అది మిగిలిపోతే, ఏడాది లాభమంతా అలమరలో కూర్చుంటుంది. అందుకే రెండో సమస్యను దీనితో కలిపే చూడాలి.

లక్షణం 2: కొన్ని రకాలు సీజన్ మధ్యలోనే అయిపోతున్నాయి, కొన్ని ఏడాది పొడవునా మిగులుతున్నాయి.

కారణం: నిరుటి అమ్మకాలనే నిరుటి గిరాకీగా తీసుకోవడం. ఒక నల్ల సంచి ఐదో వారం చివర అయిపోయి మొత్తం 180 అమ్ముడైతే, పుస్తకంలో 180 అనే ఉంటుంది. చివరి మూడు వారాల్లో అడిగి వెళ్లిపోయినవారు ఏ పుస్తకంలోనూ ఉండరు.

పరిష్కారం: ఆఖరి వరకు నిల్వ ఉన్న రకాలను చూడండి. అవి తమ మొత్తం అమ్మకంలో మూడో వారం చివరికి 25 శాతం, ఐదో వారం చివరికి 60 శాతం అమ్ముడయ్యాయనుకుందాం. నల్ల సంచి కూడా అదే పోకడలో నడిచిందనుకుంటే 180ని 0.6తో భాగించాలి, అసలు గిరాకీ 300 అని తేలుతుంది. వారాల సగటు తీసి పెంచడం కంటే ఈ పద్ధతి నమ్మదగినది, ఎందుకంటే గిరాకీ అన్ని వారాల్లోనూ సమానంగా ఉండదు.

అంచనా 300 అని తేలినా, 300 ఒకేసారి తెప్పించనక్కరలేదు. సప్లయర్ నుంచి సరుకు రావడానికి రెండు వారాలు పడితే, మూడో వారం చివర పెట్టిన ఆర్డర్ ఐదో వారం చివరికి అందుతుంది. అప్పటిదాకా కావలసినవి 180. మరో 40 కలిపి మొదట 220 తెప్పిస్తే చాలు. మూడో వారం చివరికి 75 అమ్ముడవాలని అంచనా ఉండగా 90 అమ్ముడయ్యాయనుకోండి. అంటే సీజన్ మొత్తం గిరాకీ 360 వైపు వెళుతోంది. ఐదో వారానికి 216 కావాలి, చేతిలో ఉన్న 220 అంతవరకు సరిపోతాయి. రెండో ఆర్డర్ 140 పెట్టాలి. ఈ ఏర్పాటుకు ఒక పరిమితి ఉంది: మీ సీజనే సప్లయర్‌కూ సీజన్ కాబట్టి మామూలు రోజుల్లో రెండు వారాల్లో వచ్చే సరుకు అప్పుడు నాలుగు వారాలు పట్టవచ్చు. రెండో విడతకు గడువు తేదీని మొదటి ఆర్డర్ నాడే రాయించుకోవాలి. అది కుదరకపోతే మొదటి ఆర్డరే పెద్దది కావాలి.

ఎంత ధైర్యం చేయవచ్చన్నది రకాన్ని బట్టి ఉంటుంది. పై లెక్కలోని పాళ్లతో సంబంధం లేకుండా, ఒక్కో నల్ల సంచి అమ్మితే 3 పాళ్ల లాభం అనుకుందాం. మిగిలితే వచ్చే ఏడాది అమ్ముడవుతుంది కాబట్టి నష్టం 1 పాలే. 3ని 3+1తో భాగిస్తే 75 శాతం వస్తుంది: నాలుగేళ్లలో మూడేళ్లు గిరాకీకి సరిపోయేంత నిల్వ పెట్టడం న్యాయం. ఆ ఏటితో మోజు తీరిపోయే బొమ్మల సంచికి లాభం అదే 3 అయినా, మిగిలితే నష్టం 6. 3ని 9తో భాగిస్తే మూడో వంతే. అలాంటి సరుకును అంచనా కంటే తక్కువే తెప్పించాలి, అది ముందుగా అయిపోయినా బాధపడనక్కరలేదు.

లక్షణం 3: రద్దీ వేళ కొనేవారు నిలబడి నిలబడి వెళ్లిపోతున్నారు, కొత్తగా చేర్చుకున్నవారు పని నేర్చుకునేసరికి సీజన్ అయిపోతోంది.

కారణం: సిబ్బంది సంఖ్యను నెల సగటు చూసి నిర్ణయించడం, మనుషులను రద్దీ కనబడ్డాక వెతకడం.

పరిష్కారం: అత్యంత రద్దీగా ఉండే గంటను లెక్కలోకి తీసుకోండి. ఆ గంటలో 20 మంది వచ్చి ఒక్కొక్కరికి 12 నిమిషాలు పడితే 240 నిమిషాల పని, అంటే నలుగురికి గంటసేపు ఊపిరి సలపని పని. అయితే కొనేవారు గడియారం చూసుకుని ఒకరి తర్వాత ఒకరు రారు కనుక ఐదుగురు కావాలి. ఆ ఐదుగురూ రోజంతా అక్కర్లేదు. సాయంత్రం నాలుగు గంటల పాటు మాత్రమే వచ్చేవారు దొరికితే 6 పాళ్ల జీతం మించకుండా సరిపెట్టుకోవచ్చు. తేదీలను మాత్రం వెనక నుంచి లెక్కించాలి: మనిషి దొరకడానికి నాలుగు వారాలు, బిల్లింగు, రకాలు, నిల్వ ఉన్న చోటు తెలియడానికి మూడు వారాలు పడితే, సీజన్ మొదలుకావడానికి ఏడు వారాల ముందు వెతకడం మొదలుపెట్టాలి. ఆ శిక్షణ రోజుల జీతం సీజన్ రాబడి రాకముందే ఇవ్వవలసి ఉంటుంది కనుక, పైన చెప్పిన 50 పాళ్ల ఖాతాకు దాన్ని కూడా ముందే కలిపి ఉంచాలి. నిరుడు బాగా పనిచేసినవారికి సీజన్ చివరి రోజునే వచ్చే ఏడాది తేదీ చెప్పి మాట తీసుకుంటే, వారి విషయంలో ఏడు వారాలు రెండు మూడు రోజులకు తగ్గుతాయి.