ట్రయల్ బ్యాలెన్స్ కలిసిందా? ఒక్క నిమిషం ఆగండి

ట్రయల్ బ్యాలెన్స్ చెప్పేది ఒక్కటే, డెబిట్ల మొత్తం క్రెడిట్ల మొత్తం సమానమా కాదా అని. చేత్తో రాసే పుస్తకాల్లో తేడా వస్తే ముందు దాన్ని సగం చేయండి. తేడా 2,700 అనుకుంటే 1,350 రూపాయల ఎంట్రీ ఏదైనా తప్పు వైపు పడిందేమో వెతకాలి. దొరకలేదా, 2,700ని 9తో భాగిస్తే శేషం లేదు కాబట్టి ఎక్కడో అంకెలు తారుమారై ఉండొచ్చు, 7,400 బదులు 4,700 అని ఎక్కించినట్టు.

అసలు టెన్షన్ తేడా రానప్పుడే. ట్యాలీ లాంటి సాఫ్ట్‌వేర్‌లో డెబిట్, క్రెడిట్ సమానం కాని వోచర్ సేవ్ కానే కాదు, కాబట్టి అక్కడ కలవడం పెద్ద విశేషమేమీ కాదు (ఓపెనింగ్ బ్యాలెన్సులు తప్పు వేస్తే మాత్రం Difference in opening balances అని చూపిస్తుంది).

నేనొకసారి లేత్ మెషీన్ రిపేరు 18,000ని మెషినరీ ఖాతాలో వేసేశాను. ట్రయల్ బ్యాలెన్స్ చక్కగా కలిసింది, కానీ ఖర్చు రాయాల్సింది ఆస్తి అయిపోయింది, దాని మీద 15 శాతం తరుగుదల 2,700 పోగా లాభం 15,300 ఎక్కువ కనిపించింది. ఒక కస్టమర్ కట్టిన డబ్బు ఇంకో కస్టమర్ ఖాతాలో పడ్డా, బిల్లు అసలు ఎక్కించకపోయినా అంతే, చడీ చప్పుడూ ఉండదు. అందుకే కలిశాక కూడా రిపేర్లు, మెషినరీ లెడ్జర్లు తెరిచి ఒక్కో ఎంట్రీ చదవండి, పార్టీల దగ్గర బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ అడగండి, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూడండి.