పుట్టగొడుగులు ఎలా ఎంచుకోవాలి, ఎలా వండాలి?

తొలకరి పడిందంటే ఊళ్లలో రోడ్ల పక్కన తట్టల్లో పుట్టగొడుగులు కనిపిస్తాయి. కొన్న తర్వాత ఫోన్లు మొదలవుతాయి: "వెండి చెంచా వేసి ఉడికించాం, నల్లబడలేదు, తినొచ్చు కదా?" చాలా ఏళ్లుగా పుట్టగొడుగులు పెంచుతున్నాను, వండుతున్నాను. ఈ ప్రశ్న వినని వానాకాలం లేదు. అందుకే పని మొత్తం వరుసగా రాస్తున్నాను. వంట తేలిక. ఎంచడమే కష్టం, కాబట్టి దాని గురించే ఎక్కువ చెబుతాను.

1. కావలసినవి

వెడల్పాటి ఇనుప మూకుడు, చాకు, జల్లెడ గిన్నె, పొడి గుడ్డ. నాన్‌స్టిక్ వద్దు, దాని మీద పెద్ద మంట పెట్టలేం.

2. కొనేవి అయితే

బటన్, ముత్యపు చిప్ప, పాల పుట్టగొడుగు, వరిగడ్డి పుట్టగొడుగు: మన దగ్గర పెంచి అమ్మేవి ఎక్కువగా ఈ నాలుగే. ల్యాబులో ఒకే జాతి నుంచి తయారు చేసిన విత్తనాన్ని శుద్ధి చేసిన గడ్డిలోనో కంపోస్టులోనో వేసి పెంచుతారు. అందుకే ప్యాకెట్‌లో ఏ జాతి ఉందన్న అనుమానం ఉండదు, తాజాగా ఉందా లేదా అన్నదే చూసుకోవాలి. బటన్ అయితే గొడుగు అడుగు మూసుకుని ఉండాలి. ముట్టుకుంటే జిగురు తగిలినా, పుల్లటి వాసన వచ్చినా కొనకండి. ప్లాస్టిక్ ప్యాకెట్‌లోంచి తీసి కాగితం సంచిలో పెడితే ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటాయి. వరిగడ్డి పుట్టగొడుగు మాత్రం ఫ్రిజ్ చలికి నీరుకారిపోతుంది. తెచ్చిన రోజే వండేయాలి.

3. అడవివి, చేలల్లోవి అయితే: ఇక్కడ ఆగండి

ముందు ప్రాణం తీసే విషం ఎలా పనిచేస్తుందో తెలియాలి. అది తెలిస్తే ఇంటి పరీక్షలు ఎందుకు పనికిరావో అదే అర్థమవుతుంది. దాని పేరు అమటాక్సిన్. డెత్ క్యాప్ అనే పుట్టగొడుగులోనూ, దాని దగ్గరి జాతుల్లోనూ, లెపియోటా అనే చిన్న గొడుగుల్లో కొన్నింటిలోనూ ఉంటుంది. కణాలు ప్రోటీన్లు తయారుచేసుకునే పనిని మొదట్లోనే ఆపేస్తుంది, దాంతో కాలేయం కణాలు చచ్చిపోతాయి. దీనికి చెడ్డ రుచి లేదు. తిని బతికి బయటపడ్డ వాళ్లు కూర చాలా బాగుందనే చెప్పారు. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా, ఫ్రీజర్‌లో పెట్టినా ఈ విషం చెక్కుచెదరదు. ఒక్క పెద్ద గొడుగు మనిషిని చంపడానికి సరిపోతుంది.

ఇప్పుడు ఆ పరీక్షల సంగతి. వెండి నల్లబడేది గంధకం తగిలితే. గుడ్డు సొన తగిలినా నల్లబడుతుంది. అమటాక్సిన్‌కు వెండి నల్లబడదు. డెత్ క్యాప్ ఉడికే గిన్నెలో వెండి చెంచా మెరుస్తూనే ఉంటుంది. వెల్లుల్లి, ఉల్లి వేసి రంగు చూడటం ఇంకో పద్ధతి. వెల్లుల్లి రంగు మారితే అది దానిలోపలి రసాయనాల వల్ల, ఊరగాయలో కూడా ఒక్కోసారి ఆకుపచ్చగా మారుతుంది. బియ్యం, పసుపు వేసి రంగు చూడటం కూడా అంతే, విషాన్ని పట్టుకునే గుణం వాటికి లేదు.

"పురుగు తిన్నది మనమూ తినొచ్చు" అనేది అన్నిటికన్నా ప్రమాదమైన మాట. ఎందుకంటే వినడానికి సబబుగా ఉంటుంది. నత్తలు డెత్ క్యాప్‌ను కొరుక్కు తింటాయి. కొన్ని రకాల ఈగల పిల్లలు అమటాక్సిన్ ఉన్న గొడుగుల్లోనే పెరుగుతాయి, వాటి ఒంటికి ఆ విషం పట్టదు. కాబట్టి చిల్లులు ఉన్న గొడుగు పాతదని తెలుస్తుందే తప్ప మంచిదని కాదు. రంగు సంగతీ అంతే. ఎర్రగా ఉంటేనే విషమని చాలామంది నమ్ముతారు, కానీ ప్రాణాలు తీసేవి ఎక్కువగా తెల్లగానో, లేత పసుపుపచ్చగానో, గోధుమరంగులోనో ఉంటాయి.

చింతపండు, ఉప్పు వేసి ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే విషం పోతుందనే వాళ్లున్నారు. ఇది పూర్తిగా గాలిమాట కాదు. పచ్చిగా తింటే కడుపు పాడుచేసి, బాగా ఉడికిస్తే ఏమీ చేయని పుట్టగొడుగులు కొన్ని నిజంగానే ఉన్నాయి. అక్కడ పనిచేసిన పద్ధతిని జనం అన్నిటికీ వాడతారు. ఎన్నేళ్లు పనిచేసినా, అమటాక్సిన్ ఉన్న గొడుగు బుట్టలోకి వచ్చిన రోజు ఆ పద్ధతి కాపాడదు.

మరి పుట్ట మీద మొలిచినవి తినొచ్చు అనే మాట? దీనికి ఆధారం ఉంది. చెదపురుగులు పుట్టలోపల పెంచుకునే బూజు నుంచి వచ్చే గొడుగులు తినేవే. జాగ్రత్తగా తవ్వితే కాడ కింద తాడులాంటి పొడవాటి వేరు పుట్టలోపలికి దిగి ఉంటుంది. చాలామంది గొడుగును పైనుంచి తెంపేస్తారు కాబట్టి ఆ గుర్తు నేలలోనే మిగిలిపోతుంది. పుట్ట పక్కన గడ్డిలో ఇంకోటి మొలిచినా అదే తట్టలో పడుతుంది. తట్టలో కలిసిపోయాక ఏది ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు. అందుకే తెంపిన గొడుగులు నేను కొనను. మొదలుతో సహా, మట్టి అంటుకుని ఉంటేనే చూస్తాను.

కాడ అడుగున కోడిగుడ్డు పెంకు చీలినట్టు ఒక సంచి ఉండి, గొడుగు కింద పొరలు తెల్లగా ఉంటే దాన్ని పారేయండి. విదేశాల్లో ఉన్న మనవాళ్లు ఈ గుర్తును ముఖ్యంగా మనసులో పెట్టుకోవాలి. మన వరిగడ్డి పుట్టగొడుగుకూ అడుగున సంచి ఉంటుంది, లేతగా ఉన్నప్పుడు దాని పొరలూ తెల్లగానే ఉంటాయి. కాలిఫోర్నియాలో, ఆస్ట్రేలియాలో ఓక్ చెట్ల కింద మొలిచే డెత్ క్యాప్ అచ్చం అలాగే కనిపిస్తుంది. 2011 డిసెంబర్ 31 రాత్రి కాన్‌బెర్రాలో జరిగిన విందులో డెత్ క్యాప్ తిని ఇద్దరు చనిపోయారు, వారిలో ఒకరు వృత్తిరీత్యా వంటవాడు. డెత్ క్యాప్ కాడకు ఉంగరంలాంటి పొర ఉంటుంది, వరిగడ్డి పుట్టగొడుగుకు ఉండదు. కానీ వానకు ఆ ఉంగరం రాలిపోవచ్చు. కాబట్టి ఉంగరం లేదని ధైర్యం చేయకండి.

రంగుపొడి పరీక్ష ఒకటి ఉంది. కాడ కోసేసి, సగం తెల్లగా సగం నల్లగా ఉన్న కాగితం మీద గొడుగును బోర్లించి, పైన గిన్నె మూసి, రాత్రంతా వదిలేయాలి. పొద్దున కాగితం మీద రాలిన పొడి రంగు చూడాలి. ఆకుపచ్చ పొడి వస్తే అది పెరట్లో, పచ్చికల్లో మొలిచే పెద్ద తెల్ల గొడుగు, తింటే గంటల్లో విపరీతంగా వాంతులవుతాయి. తెల్ల పొడి వస్తే డెత్ క్యాప్ కావచ్చు, నేను పారేస్తాను. లేత గులాబీ రంగు వచ్చినా ఊపిరి పీల్చుకోకండి, ఆ రంగు పొడి ఉన్న విషపు గొడుగులూ ఉన్నాయి. ఈ పరీక్ష పారేయడానికి పనికొస్తుంది, తినడానికి అనుమతి ఇవ్వదు.

మరి ఎవరు అనుమతి ఇవ్వాలి? ఆ నేలలో, ఆ చోటే, ఏటా ఏరి తినే మనిషి, మీ చేతిలో ఉన్న గొడుగును ఒక్కొక్కటిగా చూసి చెప్పాలి. ఫొటో పంపి అడిగితే చాలదు. ఒకచోట నేర్చుకున్న గుర్తు ఇంకోచోట పనిచేయదు. ఆ ఊళ్లో తినే జాతికి ఈ ఊళ్లో విషపు కవల ఉండొచ్చు. ఏరి తినే అలవాటు తరతరాలుగా ఉన్న చోట కూడా పొరపాట్లు జరుగుతాయి. 2022 ఏప్రిల్‌లో ఎగువ అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని కొద్ది రోజుల్లో 13 మంది చనిపోయారు, ఎక్కువమంది తేయాకు తోటల కుటుంబాల వాళ్లు. చూసి చెప్పే మనిషి లేకపోతే పెంచినవే కొనుక్కోండి. రుచిలో పాల పుట్టగొడుగు దేనికీ తీసిపోదు.

4. వంట

కడగకూడదు అనే మాట పట్టించుకోకండి. జల్లెడ గిన్నెలో వేసి పంపు కింద అర నిమిషం కడిగి గుడ్డతో ఒత్తండి, అవి పీల్చుకునే నీరు చాలా తక్కువ. నానబెట్టడం మాత్రం తప్పు. బటన్ అయితే అరసెంటీమీటరు మందాన కోయండి. ముత్యపు చిప్పను చేత్తో నిలువుగా చీల్చి, గట్టి మొదలు తీసేయండి.

ఒక ప్యాకెట్ అంటే 200 గ్రాములు. మూకుడు బాగా కాగాక నూనె లేకుండా ముక్కలు వేయండి. పెద్ద మంట. ఉప్పు వద్దు, మూత వద్దు. రెండు మూడు నిమిషాల్లో నీరు ఊరుతుంది, అది పూర్తిగా ఇగిరిపోయేదాకా ఉంచండి. ముక్కల అంచులు ఎర్రబడ్డాక రెండు చెంచాల నూనె, కరివేపాకు, పచ్చిమిర్చి వేసి, ఇంకో మూడు నాలుగు నిమిషాలు వేయించి, చివర ఉప్పు, మిరియాల పొడి చల్లండి. మొత్తం పన్నెండు నిమిషాలు. ముందే ఉల్లిపాయ, టమాటా, నీళ్లు పోసి మూత పెడితే ముక్క రబ్బరులా తయారవుతుంది. ఆ తర్వాత "పుట్టగొడుగులు మాకు నచ్చవు" అంటారు.

పెంచినవైనా పచ్చిగా సలాడ్‌లో వేయకండి. షిటాకే సరిగా ఉడకకపోతే కొందరికి ఒంటిమీద కొరడా దెబ్బల్లాంటి దద్దుర్లు వస్తాయి.

5. తిన్నాక తేడా వస్తే

రాత్రి ఎనిమిదికి నలుగురున్న ఇంట్లో అడవి పుట్టగొడుగుల కూర తిన్నారనుకుందాం. పడుకునేదాకా ఎవరికీ ఏమీ లేదు. తెల్లవారి ఐదింటికి, అంటే తొమ్మిది గంటల తర్వాత, ఒకరికి వాంతులు, నీళ్ల విరేచనాలు. అంత ఆలస్యంగా మొదలయ్యాయి కాబట్టి కూర మీదికి అనుమానం పోదు. ఊళ్లో ఆర్‌ఎంపీ రెండు సెలైన్లు పెడతాడు. మర్నాటికి తేలిక పడుతుంది, లేచి తిరుగుతాడు, అంతా తగ్గిందనుకుంటారు. కాలేయం దెబ్బతింటున్నది సరిగ్గా ఈ సమయంలోనే. మూడో రోజుకు కళ్లు పచ్చబడతాయి. కామెర్లని పసరు మందుకు తీసుకెళ్తారు, అక్కడ ఇంకో రోజు పోతుంది.

తిన్న ఆరు గంటల తర్వాత మొదలయ్యే వాంతులు, విరేచనాలు అమటాక్సిన్ గుర్తు. అరగంటకో రెండు గంటలకో మొదలైనా వదిలేయకండి, కూరలో రెండు రకాలు కలిసి ఉండొచ్చు. ఏ సమయంలోనైనా 108కి ఫోన్ చేసి, ఐసీయూ ఉన్న పెద్ద ఆసుపత్రికి వెళ్లండి. బాగానే ఉన్నా మిగతా ముగ్గురూ వెళ్లాలి. ఎన్నింటికి తిన్నారు, ఎన్నింటికి మొదటి వాంతి అయింది అన్నవి కాగితం మీద రాసుకోండి. డాక్టరుకు "అడవి పుట్టగొడుగులు" అనే మాట మొట్టమొదట చెప్పండి. చెప్పకపోతే ఫుడ్ పాయిజనింగ్ అని పంపించేసే ప్రమాదం ఉంది. కాలేయం పరీక్ష, రక్తం గడ్డకట్టే సమయం పరీక్ష ఆ రోజే కాక తర్వాత రెండు మూడు రోజులు మళ్లీ మళ్లీ చేయించాలి, ఎందుకంటే మొదటి రోజు రిపోర్టు మామూలుగా రావచ్చు. వండగా మిగిలిన పచ్చి గొడుగులు, కోసి పారేసిన మొదళ్లు, చెత్తబుట్టలో ఉన్నా సరే ఏరి కాగితంలో చుట్టి తీసుకెళ్లండి. ప్లాస్టిక్ కవర్లో వేస్తే కుళ్లిపోతాయి, అప్పుడు జాతి గుర్తుపట్టడం కష్టమవుతుంది.