పెండ్లిపత్రికలో ఒత్తులకు చోటు దొరికిన తీరు

నల్లగొండలో జరిగిన మా చెల్లెలి పెండ్లికి పత్రికను నేనే కూర్చాను. ఎడమ పేజీలో తెలుగును, కుడి పేజీలో ఇంగ్లీషును పెట్టి, రెండింటికీ 12 పాయింట్ల అక్షరాన్ని, 15 పాయింట్ల వరుస దూరాన్ని ఇచ్చాను. నమూనా ప్రింటు తీసి చూస్తే, ‘జ్యేష్ఠ పుత్రిక’లోని ఒత్తులు కింది వరుసలోని గుడులను తాకుతున్నాయి. ఇంగ్లీషులో ఆ ఇబ్బంది లేదు.

తెలుగు అక్షరం పైకీ కిందికీ విస్తరిస్తుంది కనుక, దాని అవసరాన్నే కొలతగా తీసుకొని రెండు పేజీల వరుస దూరాన్నీ 20 పాయింట్లు చేశాను. దానితో వధూవరుల పేర్లు, ముహూర్తం, వేదిక రెండు వైపులా ఒకే ఎత్తులో నిలిచాయి. మొదట అన్నింటినీ బొద్దుగా పెట్టడం వల్ల ఏదీ ప్రత్యేకంగా కనబడలేదు. చివరకు పేర్లను 24 పాయింట్లకు పెంచి, ముహూర్తాన్ని మాత్రమే బొద్దుగా ఉంచాను. బంధువుల పేర్ల జాబితాను వెనుక పేజీకి మార్చమని నాన్నగారిని ఒప్పించడమే అన్నిటికన్నా కష్టమైంది.